కారణం నిజమే, కానీ ఈ వాక్యానికి అదేనా కారణం? పేరా మీద వచ్చే నిశ్చితం–కారణం ప్రశ్నలను పరీక్షించే పద్ధతి

ఈ రకం ప్రశ్నలో రెండు వాక్యాలు ఇస్తారు. మొదటిది నిశ్చితం, రెండోది కారణం. కింద నాలుగు ఆప్షన్లు ఉంటాయి. రెండూ నిజం, కారణం నిశ్చితాన్ని సరిగ్గా వివరిస్తుంది అన్నది ఒకటి. రెండూ నిజమే కానీ కారణం సరైన వివరణ కాదన్నది రెండు. నిశ్చితం నిజం, కారణం తప్పు అన్నది మూడు. నిశ్చితం తప్పు, కారణం నిజం అన్నది నాలుగు. సీబీఎస్ఈ పదో తరగతి నుంచి గ్రూప్స్, సివిల్స్ దాకా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో కనబడుతుంది. కొన్ని పేపర్లలో ఆప్షన్ల వరుస మారుతుంది, కొన్నిట్లో రెండూ తప్పు అనే ఆప్షన్ కూడా ఉంటుంది. అందుకే వరుసను బట్టీ పట్టకుండా ప్రతిసారీ చదవాలి.

నల్గొండలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఈ ప్రశ్నలు చెబుతుంటాను. మార్కులు పోయేది మూడు, నాలుగు ఆప్షన్ల దగ్గర కాదు, ఒకటికీ రెండుకీ మధ్య. రెండు వాక్యాలూ నిజమని తేలుతుంది, రెండూ ఒకే విషయం మీద ఉంటాయి, ఇంకేముంది అని ఒకటి పెట్టేస్తారు. నా దృష్టంతా ఆ ఒక్క చోటు మీదే. మిగతాది దానికి అవసరమైనంత వరకే చెబుతాను.

ముందు పేరా

మన జిల్లాలో అందరికీ తెలిసిన విషయం మీద, పరీక్షలో ఇచ్చే తీరులో ఒక పేరా రాశాను. దాన్ని రెండుసార్లు చదవండి. కింద వచ్చే ఉదాహరణలు దాదాపు అన్నీ దీని మీదే.

> నల్గొండ ప్రాంతంలో నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైట్ జాతి రాయి. ఈ రాతిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీరు భూమిలోకి ఇంకి, రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచినప్పుడు ఆ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌లో కొంత దానితో కలిసి ఘనపదార్థంగా విడిపోతుంది. కాల్షియం తక్కువున్న నీటిలో అది కరిగే ఉంటుంది. ఈ ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు. నీటిని మరిగించినా అది ఆవిరితో బయటకు పోదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడ్‌ను భారతీయ ప్రమాణాలు అనుమతిస్తాయి. ఈ ప్రాంతంలో చాలా బోర్ల నీటిలో అంతకు మించి ఉండేది. శాశ్వత దంతాల పైపొర చిన్నతనంలో, చిగుళ్ల కింద, సుమారు ఎనిమిదేళ్లలోపు తయారవుతుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద మచ్చలు పడతాయి. పైపొర తయారైపోయాక కొత్తగా మచ్చలు రావు. ఎముకలు మాత్రం జీవితాంతం ఫ్లోరైడ్‌ను పట్టుకుంటూనే ఉంటాయి. అలాంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగిపోతుంది. నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే ఒక పద్ధతికి ఈ జిల్లా పేరుతోనే నల్గొండ టెక్నిక్ అని పేరు వచ్చింది.

మునుగోడు, మర్రిగూడ వైపు వాళ్లకు ఇందులో కొత్త సంగతి ఉండదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. తెలిసిన విషయం కదా అని పేరాను వదిలేసి, మనకు తెలిసినదాన్ని బట్టి జవాబు పెట్టేస్తాం. ప్రశ్న మీద "పేరా ఆధారంగా" అని ఉంటే పేరాలో ఉన్నదీ, పేరా నుంచి సూటిగా తేలేదీ మాత్రమే లెక్కలోకి వస్తుంది.

మొదటి పని: ఒక వాక్యాన్ని చేత్తో మూసి ఇంకోదాన్ని చదవడం

నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న, వివరిస్తుందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండింటినీ ఒకేసారి చూస్తే రెండు రకాల తప్పులు జరుగుతాయి. కారణం నిశ్చితానికి అతకలేదని, నిజమైన కారణాన్ని కూడా తప్పు అనేసి మూడో ఆప్షన్ పెడతారు. లేదంటే కారణం చక్కగా ఉందని, తప్పు నిశ్చితాన్ని నిజమని నమ్మేస్తారు.

రెండో రకానికి ఉదాహరణ ఇది.

నిశ్చితం: ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల హాని ఉండదు.
కారణం: దంతాల పైపొర సుమారు ఎనిమిదేళ్లలోపే తయారవుతుంది.

వరుసగా చదివితే కారణం నిశ్చితానికి గట్టి ఆధారంలా వినిపిస్తుంది. కారణాన్ని మూసేసి నిశ్చితాన్ని ఒక్కదాన్నే పేరాతో పోల్చండి. ఎముకలు జీవితాంతం ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయని పేరా చెబుతోంది. అంటే హాని ఉంది. కొత్తగా రానివి పళ్ల మచ్చలు మాత్రమే. నిశ్చితం తప్పు, కారణం నిజం, జవాబు నాలుగు. ఇక వివరణ దాకా వెళ్లే పనే లేదు.

ఈ దశలో కళ్లు పెట్టవలసింది మాత్రమే, అన్ని, ఎప్పుడూ, పూర్తిగా, ఉండదు లాంటి మాటల మీద. పేరాలో "కొన్ని ఖనిజాల్లో" అని ఉంటే కారణంలో "ఖనిజాలన్నింటిలో" అని మారుస్తారు. "చాలా బోర్ల" అని ఉంటే "ప్రతి బోరులో" అని రాస్తారు. వాక్యంలో మిగతాదంతా పేరాలోంచి యథాతథంగా వచ్చినా, ఆ ఒక్క మాటతో అది తప్పవుతుంది.

రెండూ నిజమని తేలాకే అసలు పని మొదలవుతుంది.

రెండో పని: నిశ్చితం ఏ ప్రశ్నకు జవాబు అడుగుతోందో రాసుకోవడం

చాలామంది కారణాన్ని పట్టి పట్టి చదువుతారు. ముందు చదవవలసింది నిశ్చితాన్ని. అందులో వివరణ కావలసింది ఏమిటో తేలకపోతే, కారణం దాన్ని వివరించిందో లేదో చెప్పలేం.

నిశ్చితం: చిన్నప్పటి నుంచి ఒక ఊరి బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద మచ్చలు పడ్డాయి, కానీ పెళ్లయ్యాక వేరే ఊరి నుంచి వచ్చిన కోడళ్లకు పడలేదు.
కారణం: ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పరిమితికి మించి ఉండేది.

పేరా ప్రకారం రెండూ కుదురుతాయి. ఫ్లోరైడ్ వల్లే కదా మచ్చలు అని ఇక్కడ పెన్ను ఒకటో ఆప్షన్ మీదకు వెళ్తుంది. ఆగి, నిశ్చితాన్ని "ఎందుకు"తో ప్రశ్నగా మార్చండి. "ఊళ్లో మచ్చలు ఎందుకు పడ్డాయి?" అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. "వీళ్లకు పడి, వాళ్లకు ఎందుకు పడలేదు?" అన్నది ప్రశ్న. నిశ్చితం ఒక తేడాను చెబుతోంది, వివరణ కావలసింది ఆ తేడాకు.

ఇప్పుడు కారణాన్ని రెండు పక్షాల దగ్గరా పెట్టి చూడండి. ఊళ్లో పెరిగినవాళ్లు తాగింది ఆ బోరు నీళ్లే. కోడళ్లు వచ్చాక తాగిందీ ఆ నీళ్లే. ఫ్లోరైడ్ ఇద్దరికీ ఎక్కువే. ఇద్దరికీ సమానంగా వర్తించేది ఇద్దరి మధ్య తేడాను వివరించలేదు. జవాబు రెండు.

అదే నిశ్చితానికి "దంతాల పైపొర సుమారు ఎనిమిదేళ్లలోపు తయారవుతుంది, ఆ తర్వాత కొత్తగా మచ్చలు రావు" అని కారణం ఇస్తే పరిస్థితి మారుతుంది. ఊళ్లో పెరిగినవాళ్లు ఆ వయసులో ఈ నీళ్లు తాగారు. కోడళ్లు వచ్చేసరికి ఆ వయసు దాటిపోయింది. కారణం రెండు పక్షాలనూ విడదీస్తోంది. జవాబు ఒకటి.

మొదట ఇచ్చిన కారణంలో మచ్చలు తెచ్చే అసలు పదార్థమే ఉంది, అయినా అది సరైన వివరణ కాలేదు. రెండోసారి ఇచ్చిన కారణంలో ఫ్లోరైడ్ అన్న మాటే లేదు, అయినా అది సరైన వివరణ అయింది. ఆ పదార్థం పేరు కారణంలో కనబడిందా లేదా అన్నది కొలత కాదని ఈ ఒక్క జతతో తెలుస్తుంది. నాకు తెలిసినంతలో ఒకటో ఆప్షన్‌ను రెండు నుంచి వేరు చేసే పరీక్షల్లో ఇంతకంటే నమ్మకమైనది లేదు.

తేడా ప్రతిసారీ ఇలా "కానీ"తో బయటపడదు. "అయినా", "కంటే", "మాత్రం", "ఎక్కువగా" అన్న మాటల వెనక కూడా ఉంటుంది. ఉదాహరణకు "వానాకాలం కంటే ఎండాకాలంలో" అంటే కారణం ఆ రెండు కాలాలనూ విడదీసేదై ఉండాలి.

కొన్నిసార్లు తేడా బయటికి చెప్పరు. "నీటిని మరిగించినా ఫ్లోరైడ్ పోదు" అన్న నిశ్చితంలో, మరిగిస్తే పోయేవి కొన్ని ఉన్నాయన్న ఊహ దాగి ఉంది. క్రిములు చస్తాయి, నీళ్లలో కలిసిన కొన్ని వాయువులు లేచిపోతాయి, ఫ్లోరైడ్ మాత్రం ఎందుకు ఉండిపోతుంది అన్నది ప్రశ్న. దానికి "ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు" అని కారణం ఇచ్చారనుకోండి. పేరా ప్రకారం నిజమే. కానీ మరిగించిన నీటి నుంచి లేచిపోయే గాలికి కూడా రంగు, వాసన లేవు. పోయేదానికీ పోనిదానికీ రెండింటికీ ఉన్న లక్షణం, ఎందుకు పోలేదో చెప్పలేదు. జవాబు రెండు. పేరాలో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి, గమనించారా? ప్రశ్న తయారుచేసేవాళ్లు పక్కపక్క వాక్యాలను తీసి జతకట్టడం తరచూ చేసే పనే. పేరాలో పక్కన ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం అయిపోదు.

మూడో పని: నడుమ ఉన్న మెట్టును రాయడం

తేడా చెప్పని మామూలు నిశ్చితాలకు ఈ పద్ధతి పనికొస్తుంది. కారణం నుంచి నిశ్చితం దాకా వెళ్లడానికి నడుమ ఏం కావాలో ఒక చిన్న వాక్యంగా రాయండి. ఆ వాక్యాన్ని పేరా ఒప్పుకుంటే వివరణ నిలుస్తుంది. మీరు ఊహించి అతికించవలసి వస్తే నిలవదు.

నిశ్చితం: కాల్షియం తక్కువగా ఉన్న భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.
కారణం: కాల్షియంతో కలిసినప్పుడు ఫ్లోరైడ్‌లో కొంత నీటి నుంచి ఘనపదార్థంగా విడిపోతుంది.

నడుమ మెట్టు: కాల్షియం లేకపోతే అలా విడిపోయే దారి తగ్గుతుంది, కాబట్టి ఫ్లోరైడ్ నీటిలోనే ఉండిపోతుంది. పేరాలో సరిగ్గా ఈ మాటే ఉంది. జవాబు ఒకటి.

నిశ్చితం: నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం వాడతారు.
కారణం: నల్గొండ ప్రాంతంలో చాలా బోర్ల నీటిలో ఫ్లోరైడ్ పరిమితికి మించి ఉండేది.

నడుమ మెట్టు రాయబోతే, "ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి దాన్ని తీసే పద్ధతి కావలసి వచ్చింది" దాకా సాఫీగా వెళ్తాం. అక్కడి నుంచి "ఆ పద్ధతిలో పటికే ఎందుకు, సున్నమే ఎందుకు?" అన్న చోట ఆగిపోతాం. పద్ధతి ఎందుకు కావలసి వచ్చిందో కారణం చెప్పింది. ఆ పదార్థాలే ఎందుకో చెప్పలేదు. జవాబు రెండు. పటిక, సున్నం కలిపి కలియబెట్టినప్పుడు ఏర్పడే తెల్లటి ముద్ద ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరుతుంది. ఆ సంగతి కారణంగా ఇస్తే జవాబు ఒకటి అయ్యేది.

మా దగ్గర చదివేవాళ్లు ఎక్కువగా అడిగే సందేహం ఇక్కడే వస్తుంది. "సార్, దూరం నుంచి చూస్తే కారణమే కదా, ఫ్లోరైడ్ లేకపోతే ఈ పద్ధతే ఉండేది కాదు కదా?" నిజమే, ఉండేది కాదు. కానీ ఆ లెక్కన వెనక్కి వెళ్తూ పోతే గ్రానైట్ రాయి కూడా కారణమే, వాన కూడా కారణమే. పరీక్షలో సరైన వివరణ అంటే నిశ్చితంలో చెప్పిన ఆ సంగతినే తాకేది. ఎన్ని మెట్లు ఉన్నాయన్నది పెద్ద విషయం కాదు, ఒకటి రెండు మెట్లున్నా ఫరవాలేదు. ప్రతి మెట్టూ పేరాలో ఉండాలి, చివరి మెట్టు నిశ్చితంలోని అసలు మాట దగ్గరకు చేరాలి.

నాలుగో పని: దిశ చూడటం

"కారణం, కాబట్టి, నిశ్చితం" అని కలిపి చదివి, వాక్యం సాఫీగా వస్తే ఒకటి పెట్టండి అన్న చిట్కా అందరూ చెబుతారు. అది సగం వరకే పనికొస్తుంది. మనం "కాబట్టి"ని రెండు రకాలుగా వాడతాం. వాన పడింది కాబట్టి నేల తడిసింది అంటాం. నేల తడిసి ఉంది కాబట్టి రాత్రి వాన పడి ఉంటుంది అనీ అంటాం. రెండూ చక్కని తెలుగే. మొదటిదాంట్లో "కాబట్టి" ముందున్నది కారణం. రెండోదాంట్లో "కాబట్టి" ముందున్నది ఆనవాలు. తడి నేల వానను కురిపించలేదు, వాన పడిందని మనకు తెలియజేసింది అంతే.

ఇదే ఉచ్చు మన పేరా మీద ఇలా వస్తుంది.

నిశ్చితం: ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండేది.
కారణం: ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలు పడ్డాయి.

"మచ్చలు పడ్డాయి కాబట్టి ఫ్లోరైడ్ ఎక్కువ ఉండేది." చెవికి ఏ ఇబ్బందీ లేదు. కానీ పళ్ల మచ్చలు బోరులోకి ఫ్లోరైడ్‌ను తేలేదు. బోరులో ఫ్లోరైడ్ ఉండబట్టి మచ్చలు వచ్చాయి. దిశ తలకిందులైంది. జవాబు రెండు. ఈ నిశ్చితానికి సరైన కారణం రాతి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగడం.

దీన్ని పట్టుకోవడానికి "కాబట్టి" బదులు "అందువల్ల ఏర్పడింది" అనో "అందువల్ల జరిగింది" అనో పెట్టి చదవండి. "పిల్లల పళ్ల మీద మచ్చలు పడ్డాయి, అందువల్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఏర్పడింది" అనగానే తేడా తెలిసిపోతుంది. ఏది ముందు జరిగిందో చూసుకోవడం కూడా పనికొస్తుంది. తర్వాత జరిగింది ముందు జరిగినదానికి కారణం కాలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. నిశ్చితాన్ని కొంచెం మార్చి, "పళ్ల మచ్చలు చూసిన వైద్యులు ఆ ఊరి తాగునీటిని అనుమానించారు" అని రాస్తే, అదే కారణం ఇప్పుడు సరైన వివరణ అవుతుంది. ఎందుకంటే ఇప్పుడు వివరణ కావలసింది ఫ్లోరైడ్ ఉండటానికి కాదు, అనుమానం రావడానికి. అనుమానానికి ఆనవాలే కారణం. కాబట్టి నిశ్చితంలో అనుకున్నారు, గుర్తించారు, తేల్చారు, నమ్మారు లాంటి క్రియ ఉందేమో చూడండి. అలాంటి క్రియ ఉంటే ఆనవాలు కారణంగా నిలుస్తుంది.

దిశకు దగ్గరి బంధువు ఇంకో ఉచ్చు: రెండింటికీ మూలం ఒకటే కావడం. "కొందరికి వెన్ను వంగిపోయింది" అన్నది నిశ్చితం, "వాళ్ల పళ్ల మీద చిన్నప్పటి నుంచి మచ్చలున్నాయి" అన్నది కారణం. మచ్చలు ముందు వచ్చాయి, వెన్ను వంగడం తర్వాత వచ్చింది, వరుస సరిగ్గానే ఉంది. అయినా మచ్చలు వెన్నును వంచలేదు. రెండూ ఒకే నీళ్ల వల్ల వచ్చాయి. జవాబు రెండే.

ఐదో పని: తీసేసి చూడటం, అది ఎక్కడ మోసం చేస్తుందో తెలుసుకోవడం

కారణాన్ని లేదనుకుని, నిశ్చితం అప్పుడు కూడా ఉండేదా అని అడగడం ఇంకో మంచి పరీక్ష. పై ఉదాహరణలో ఒకరికి పళ్లు ముత్యాల్లా తెల్లగా ఉన్నాయనుకోండి. పెద్దయ్యాక ఆ ఊరు వచ్చి, ఆ నీళ్లు పాతికేళ్లు తాగారు. పేరా ప్రకారం వాళ్లకు కూడా వెన్ను వంగవచ్చు. మచ్చలు లేకపోయినా ఫలితం వస్తోంది కాబట్టి మచ్చలు కారణం కాదు.

కానీ ఒకే ఫలితానికి రెండు మూడు కారణాలు ఉన్నచోట ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు.

నిశ్చితం: ఒకే ఊళ్లో రెండు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ వేర్వేరుగా ఉండవచ్చు.
కారణం: నీటిలోని కాల్షియాన్ని బట్టి అందులో కరిగి ఉండే ఫ్లోరైడ్ మారుతుంది.

కాల్షియం సంగతి తీసేద్దాం. అప్పుడు కూడా ఒక బోరు నీళ్లు రాతి పగుళ్లలో ఎక్కువ ఏళ్లు నిలిచి ఉండి, రెండోదానివి తక్కువ నిలిచి ఉంటే తేడా వస్తుంది. కారణం లేకపోయినా నిశ్చితం నిలిచింది కాబట్టి రెండు పెడదామా? తప్పు. కాల్షియం తేడా కూడా ఫ్లోరైడ్‌ను మార్చే దారేనని పేరా చెబుతోంది. నడుమ మెట్టు పేరాలోనే ఉంది, నిశ్చితం "ఉండవచ్చు" అని మాత్రమే అంటోంది. సరైన వివరణ కావడానికి ఏకైక కారణం అయి ఉండనక్కరలేదు. జవాబు ఒకటి.

అదే కారణాన్ని "కాల్షియం తేడా వల్ల మాత్రమే ఫ్లోరైడ్ మారుతుంది" అని రాస్తే కథ మొదటి పనిలోనే ముగిసిపోతుంది. పేరా ఇంకో దారిని కూడా చెప్పింది కాబట్టి కారణం తప్పు, జవాబు మూడు.

అందుకని నా పద్ధతి ఇది. తేడా చెప్పే నిశ్చితమైతే రెండు పక్షాల దగ్గరా కారణాన్ని పెట్టి చూస్తాను. తేడా లేని నిశ్చితమైతే నడుమ మెట్టు రాస్తాను. అనుమానం మిగిలినప్పుడు మాత్రమే తీసేసి చూస్తాను. తీసేసే పరీక్ష ఒకటి చెప్పి, మెట్టు ఇంకొకటి చెబితే, పేరాలో ఉన్న మెట్టు మాటే నమ్ముతాను.

పాలమూరు పేరా మీద మొదటి నుంచి చివరి దాకా

ఇప్పుడు కొత్త పేరా మీద అంతా కలిపి చేద్దాం.

> కృష్ణా నది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే తెలంగాణలోకి ప్రవేశిస్తుంది. నది జిల్లా అంచుల వెంట చాలా దూరం పారినా, ఎక్కువ పొలాలు నది మట్టం కంటే ఎత్తులో ఉన్నాయి. కాలువలో నీళ్లు తమంతట తాము పల్లానికే పారతాయి. అందుకే కల్వకుర్తి లాంటి పథకాల్లో శ్రీశైలం జలాశయం నుంచి నీటిని మోటార్లతో దశలవారీగా పైకి ఎత్తిపోస్తారు. జిల్లాలో వర్షాలు తక్కువ, నమ్మకం లేనివి. వానల మీద ఆధారపడ్డ సేద్యం దెబ్బతిన్నప్పుడు కుటుంబాలు పని కోసం దూర ప్రాంతాలకు వలస వెళ్లేవి.

నిశ్చితం: కృష్ణా నది పక్కనే పారుతున్నా జిల్లాలో చాలా పొలాలకు ఆ నీళ్లు నేరుగా కాలువల ద్వారా అందలేదు.
కారణం: జిల్లాలో వర్షాలు తక్కువ, నమ్మకం లేనివి.

రెండూ విడివిడిగా నిజం. నిశ్చితంలో "పారుతున్నా" అన్న మాట ఉంది. అంటే ప్రశ్న "పొలాలకు నీళ్లెందుకు కరువు?" అన్నది కాదు, "నది ఉండి కూడా ఆ నీళ్లు ఎందుకు అందలేదు?" అన్నది. వర్షం తక్కువ కావడం వల్ల నది నీళ్ల అవసరం పెరుగుతుంది. నది నీళ్లు పొలానికి చేరకపోవడానికి అది కారణం కాదు. వర్షాలు బాగా పడినా నది కింద, పొలం పైన అన్న సంగతి మారదు. జవాబు రెండు. చాలామంది ఇక్కడ ఒకటి పెడతారు. పాలమూరు అనగానే కరువు, కరువు అనగానే వానలు లేకపోవడం అని మనసులో గొలుసు కట్టి ఉంటుంది. ఆ గొలుసు నిజమే, కానీ ఈ నిశ్చితం దాని గురించి అడగలేదు.

ఇప్పుడు నిశ్చితం అలాగే ఉంచి కారణాన్ని మార్చుదాం.

కారణం: కల్వకుర్తి పథకంలో నీటిని మోటార్లతో పైకి ఎత్తిపోస్తారు.

ఇదీ నిజమే. "ఎత్తిపోస్తారు కాబట్టి నేరుగా అందలేదు" అని చదివితే నాలుక ఎక్కడా తడబడదు. దిశ చూడండి. నేరుగా అందలేదు కనుక ఎత్తిపోయవలసి వచ్చింది. ఎత్తిపోత పర్యవసానం. మళ్లీ రెండే.

కారణం: ఎక్కువ పొలాలు నది మట్టం కంటే ఎత్తులో ఉన్నాయి.

నడుమ మెట్టు: కాలువ నీళ్లు తమంతట తాము పల్లానికే పారతాయి, కాబట్టి ఎత్తులో ఉన్న పొలాలకు ఎక్కవు. ఆ మెట్టు పేరాలో మూడో వాక్యం. "పారుతున్నా" అన్న చిక్కుముడిని కూడా ఇది విప్పుతోంది, ఎందుకంటే నది దగ్గరగా ఉండటానికీ పొలం ఎత్తులో ఉండటానికీ వైరుధ్యం లేదు. జవాబు ఒకటి.

మీరే రాసి చూడటం

పాత పేపర్లు చేయడం కంటే నేను ఎక్కువగా చేయించేది ఇంకో పని. ఏదైనా ఒక పేరా తీసుకుని, అందులో ఒక వాక్యాన్ని నిశ్చితంగా పెట్టి, దానికి నాలుగు కారణాలు రాయమంటాను. ఒకటి నిజంగా వివరించేది. ఒకటి అదే పేరాలోని పక్క సంగతి. ఒకటి నిశ్చితానికి ఆనవాలో పర్యవసానమో అయ్యేది. ఒకటి ఒక్క మాట మార్చి తప్పు చేసినది. మొదటిదీ చివరిదీ తొందరగా వస్తాయి. ఆనవాలును కారణంలా వినిపించేటట్టు రాయడానికే ఎక్కువ సమయం పడుతుంది.

రాశాక జవాబులు చెప్పకుండా పక్కవాళ్లకు ఇవ్వండి. వాళ్లు మీ పక్క సంగతిని సరైన వివరణ అని వాదిస్తే, వాళ్ల చేత నడుమ మెట్టు కాగితం మీద రాయించండి. అప్పుడప్పుడు వాళ్లు రాసిన మెట్టు పేరాలో నిజంగానే ఉంటుంది. అలాంటప్పుడు మార్చవలసింది మీరు రాసిన కీని.

చేసి చూడటానికి మొదటి పేరా మీద ఇంకొకటి.

నిశ్చితం: తమ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుందని చూసి, వాసన చూసి ఊరివాళ్లు తెలుసుకోలేరు.
కారణం: ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు.

మరిగించే ప్రశ్నలో వివరణ కాలేకపోయిన కారణమే ఇది. ఇక్కడ అదే సరైన వివరణ. చూపుకీ ముక్కుకీ తెలియాలంటే రంగో వాసనో ఉండాలి, ఆ రెండూ లేవని పేరా చెప్పింది. జవాబు ఒకటి.